ఆవకాయ డబ్బా 299కా, 349కా? కొత్త లిస్టింగ్‌కు ధర కట్టే లెక్క

ఇంట్లో పెట్టిన ఆవకాయను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లలో చాలామంది ధర విషయంలో చేసే పని ఒక్కటే. సైట్‌లో "ఆవకాయ 500 గ్రాములు" అని వెతుకుతారు. ముందు కనిపించిన నాలుగైదు లిస్టింగ్‌ల రేట్లు చూస్తారు. కొత్తవాళ్లం కదా, పది రూపాయలు తగ్గిద్దాం అనుకుని 289 అని కొట్టేస్తారు. నెల తిరిగేసరికి అరవై ఆర్డర్లు వెళ్తాయి, ఖాతాలో పడిన డబ్బు చూస్తే మామిడికాయలకూ నూనెకూ సరిపోయినట్టుంటుంది, అంతే. తప్పెక్కడ జరిగిందో అర్థం కాదు, ఎందుకంటే దుకాణంలో అమ్మినప్పుడు ఇదే రేటుకు బాగానే మిగిలింది.

దుకాణానికీ ఆన్‌లైన్‌కూ ఉన్న అసలు తేడా కమిషన్ శాతంలో లేదు. ప్రతి ఆర్డర్‌కూ కొన్ని ఖర్చులు ఒకే మొత్తంగా పడతాయి. డబ్బాలో వంద రూపాయల పచ్చడి ఉన్నా మూడు వందల పచ్చడి ఉన్నా, కొరియర్ ఖర్చు, సైట్ తీసుకునే క్లోజింగ్ ఫీజు, అట్టపెట్టె అన్నీ దాదాపు అంతే ఉంటాయి. ఈ స్థిర ఖర్చు ఎంతో తెలియకుండా 99తో ముగిసే ధర పెట్టాలా, కాంబో పెట్టాలా, డిస్కౌంట్ ఇవ్వాలా అని ఆలోచించడం గోడ లేకుండా సున్నం వేయడమే. అందుకే ముందు అడుగు ధర, అంటే లాభమూ నష్టమూ లేకుండా బయటపడే ధర, ఎంతో తేల్చుకోవాలి.

అడుగు ధర

500 గ్రాముల ఆవకాయ డబ్బా ఒకటి తీసుకుందాం. కింద వేసిన ఫీజులు, ఖర్చులు లెక్క చూపడానికి తీసుకున్నవి. మీ సైట్ ఫీజుల పట్టిక, మీ కొనుగోలు బిల్లులు ముందు పెట్టుకుని వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోవాలి.

కాయ, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, పనివాళ్ల కూలి కలిపి 95 రూపాయలు. ప్లాస్టిక్ డబ్బా, మూతి మీద సీల్, లేబుల్ 16. బయటి అట్టపెట్టె, బబుల్ చుట్ట, టేపు 14. అంటే ఇల్లు దాటేలోపే 125 అయింది. ఇక సైట్ వైపు చూస్తే, అమ్మిన ధరలో పదో వంతు కమిషన్, ఆర్డర్‌కు 25 రూపాయల క్లోజింగ్ ఫీజు, కిలో లోపు పార్శిల్‌కు సగటున 70 రూపాయల షిప్పింగ్. ఈ మూడింటి మీదా సైట్ 18 శాతం జీఎస్టీ వేస్తుంది. చివరగా, నూరు పార్శిళ్లలో నాలుగు కారిపోయో, తిరిగొచ్చో నష్టపోతాయనుకుంటే, ఆ నష్టాన్ని అన్ని డబ్బాల మీదా పంచితే డబ్బాకు 8 రూపాయలు.

ఇక్కడ జీఎస్టీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఫీజుల మీద కట్టిన 18 శాతాన్ని క్రెడిట్‌గా వాడుకోవచ్చు కాబట్టి, అది ఖర్చు కాదని వదిలేస్తుంటారు. 299కి అమ్మితే కట్టాల్సిన పన్ను 14 రూపాయల 24 పైసలు. ఫీజుల మీద మీరు అప్పటికే కట్టింది 22 రూపాయల 48 పైసలు. పద్నాలుగు దాకా సర్దుబాటు అవుతుంది, మిగిలిన ఎనిమిది రూపాయలు మీ జీఎస్టీ క్రెడిట్ లెడ్జర్‌లో పేరుకుంటూ పోతాయి. అది సేవల మీద కట్టిన పన్ను కాబట్టి నగదుగా వెనక్కి అడగడానికి దారి లేదు. అందువల్ల జాగ్రత్తపరుడు చేయాల్సిన లెక్క సులువు: ఫీజులు, వాటి మీద 18 శాతం మొత్తం పోయిందనుకోవాలి, పచ్చడి మీద పన్ను ఆ క్రెడిట్‌లోంచే తీరిపోయిందనుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న అమ్మకందారులకు కూడా ఇదే లెక్క సరిపోతుంది. వాళ్లు పచ్చడి మీద పన్ను కట్టరు, ఫీజుల మీద పన్ను తిరిగి రాదు.

సైట్ మీకు డబ్బు పంపే సెటిల్‌మెంట్‌లో, పన్ను కింద ముందే పట్టుకుని టీసీఎస్, టీడీఎస్ అని చూపే చిన్న కోతలను ఈ లెక్కలో కలపక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గర టీసీఎస్ కింద అర శాతం పట్టుకుంటారు, టీడీఎస్ 0.1 శాతం. రెండూ మీ పేరు మీద జమయ్యే డబ్బే, రిటర్నులు వేసినప్పుడు సర్దుబాటు అవుతాయి.

ఇప్పుడు కలుపుదాం. కమిషన్, దాని మీద పన్ను కలిసి ధరలో 11.8 శాతం. అంటే మీరు పెంచే ప్రతి రూపాయిలో 88 పైసలు మీకే వస్తాయి. స్థిరంగా పోయేవి చూస్తే, క్లోజింగ్ ఫీజు, షిప్పింగ్ పన్నుతో కలిపి 112, సరుకు, ప్యాకింగ్ 125, నష్టం 8, మొత్తం 245 రూపాయలు. ఈ 245ను 0.882తో భాగిస్తే 278 వస్తుంది. ఆ ధరకు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే అడుగు ధర.

పొరుగువాడి రేటుకు పది తగ్గించి పెట్టిన 289 దగ్గర మిగిలేది పది రూపాయలు కూడా కాదు. 299కి అమ్మితే 19. 349కి అమ్మితే 63. ధర పెరిగింది ఆరో వంతే, చేతికి మిగిలేది మూడు రెట్లకు పైగా పెరిగింది. ధర గురించి తర్వాత తీసుకునే నిర్ణయాలన్నీ ఈ మూడు అంకెల చుట్టూనే తిరుగుతాయి.

గోడకు ఏ పక్క నిలబడాలి

299, 499, 999 లాంటి రేట్లను మనవాళ్లు బాటా రేట్లంటారు. అందరికీ తెలిసిన కిటుకే కదా, ఇంకా ఎవరు మోసపోతారు అనిపిస్తుంది. కానీ ఇది పని చేసేది మోసం వల్ల కాదు. ఎడమ నుంచి కుడికి అంకె చదివే కన్ను మొదటి అంకె దగ్గరే పరిమాణాన్ని తేల్చేసుకుంటుంది. 299ని రెండు వందల చిల్లరగా, 300ని మూడు వందలుగా తీసుకుంటుంది. రూపాయి తేడాకు వంద తేడా ఉన్నంత అనుభూతి వస్తుంది. మొదటి అంకె మారనప్పుడు ఆ అనుభూతి బాగా పలచబడుతుంది.

కొత్త లిస్టింగ్‌లకు దీనితో ప్రత్యేకమైన సంబంధం ఉంది. అమెరికాలో ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ అనే పరిశోధకులు ఆడవాళ్ల దుస్తుల కేటలాగ్‌లతో చేసిన ప్రయోగాలను 2003లో ప్రచురించారు. ఒకే దుస్తును వేర్వేరు కేటలాగ్‌లలో 34, 39, 44 డాలర్లకు పెట్టి చూస్తే, 34 కంటే 39 దగ్గరే ఎక్కువ అమ్ముడైంది. మనకు పనికొచ్చే సంగతులు అందులో ఇంకో రెండున్నాయి. 9తో ముగిసే ధర ప్రభావం కొత్తగా వచ్చిన వస్తువుల మీద ఎక్కువగా కనిపించింది. పక్కనే "సేల్" అన్న మాట ఉన్నప్పుడు తగ్గింది. కారణం ఊహించడం కష్టం కాదు. వస్తువు ధర ఎంతుండాలో కొనేవాడికి తెలియనప్పుడు ధర రూపమే అతనికి ఒక గుర్తుగా పనిచేస్తుంది. తెలిసిన వస్తువైతే ఆ గుర్తు అవసరం లేదు. సేల్ అన్న బోర్డు ఉంటే అది ఇంకా గట్టి గుర్తు, 9 చేయాల్సిన పని అదే చేసేస్తుంది.

దీని నుంచి ఆవకాయ డబ్బాకు వచ్చే సూత్రం ఇది. 300 ఒక గోడ. గోడకు ఇవతల నిలబడదలిస్తే 299 దగ్గర నిలబడాలి, 289కో 279కో దిగడం వల్ల కొనేవాడి మనసులో పెద్దగా ఏమీ మారదు, మీ మార్జిన్ మాత్రం సగమో, దాదాపు అంతానో పోతుంది. గోడ దాటదలిస్తే 305 దగ్గరో 310 దగ్గరో ఆగకూడదు. గోడ దాటినందుకు పోవాల్సిన కొనుగోలుదారులు ఎలాగూ పోయారు, దానికి తగ్గ డబ్బు మాత్రం తీసుకోలేదు. అందుకే దాటితే 349 దాకా వెళ్లడం నయం. ఆ మాటకొస్తే 349, 369 రెండిటికీ మొదటి అంకె మూడే. 369 దగ్గర మిగిలేది 80. ఈ ఇరవై రూపాయల తేడాను పరీక్షించి చూడటం దాదాపు ప్రతి కొత్త అమ్మకందారుకూ లాభమే, ఆ పరీక్ష ఎలాగో చివర్లో చూద్దాం.

అయితే 99 కిటుకును బలహీనపరిచే ఒక సంగతిని చాలామంది మరిచిపోతారు. ప్యాక్ చేసిన సరుకు మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకో, కిలోకో ఎంతో కూడా రాయాలి. కొన్ని సైట్లు ధర పక్కనే "100 గ్రాములకు ఇంత" అని చూపిస్తాయి. 250 గ్రాములు 199 అయితే వందకు 79 రూపాయల 60 పైసలు, 500 గ్రాములు 349 అయితే 69 రూపాయల 80 పైసలు. పెద్ద డబ్బా మెట్టు దిగినట్టు కనిపించాలి. ఒక్కో డబ్బా ధరను విడివిడిగా అందంగా పెట్టుకుంటూ పోయి చూస్తే, కొన్నిసార్లు పెద్ద డబ్బా వంద గ్రాముల లెక్కన చిన్నదానికంటే ఖరీదుగా తేలుతుంది. కొనేవాడు దాన్ని పట్టుకున్నాడంటే మీ మిగతా రేట్ల మీద కూడా నమ్మకం పోతుంది.

బహుమతి ప్యాక్‌ల విషయంలో మాత్రం 99ని పక్కన పెట్టడమే మంచిది. గృహప్రవేశానికో, పెళ్లిచూపులకో పట్టుకెళ్లే పచ్చళ్ల పెట్టె మీద 999 అని ఉంటే బేరంలో కొన్నట్టుంటుంది. చదివింపులు నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లుగా రాసే ఇళ్లలో 1,116 అన్న ధరను ఎక్కువ అని కాక, సందర్భానికి తగిన అంకె అని చదువుకుంటారు.

ఎమ్మార్పీని ఎంత పైన రాయాలి

349 పక్కన కొట్టేసిన ఎమ్మార్పీ ఎంతుండాలి? 799 రాసి 56 శాతం తగ్గింపు అని చూపించడం చాలా చోట్ల కనిపిస్తుంది. పచ్చడి విషయంలో అది రెండు విధాల చేటు. వంట తెలిసిన ఇల్లాలికి అర కిలో ఆవకాయ ఎంతకు పడుతుందో ఉజ్జాయింపుగా తెలుసు. 799 చూడగానే తగ్గింపు గురించి కాదు, మీ గురించి అనుమానం మొదలవుతుంది. రెండోది చట్టం. ఒకే రకం ప్యాక్‌కు రెండు వేర్వేరు ఎమ్మార్పీలు వేయడాన్ని తూనికలు, కొలతల మీద ఉన్న లీగల్ మెట్రాలజీ నిబంధనలు ఒప్పుకోవు. అదే డబ్బా మీ ఊరి కిరాణా కొట్టులో 320 ఎమ్మార్పీతో ఉండి, ఆన్‌లైన్‌లో 799తో ఉంటే చిక్కే.

ఈ నిబంధన వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. కొట్టులో 320కి అమ్మే డబ్బాను ఆన్‌లైన్‌లో 349కి అమ్మలేరు, ఎమ్మార్పీ దాటకూడదు కాబట్టి. దారి ఏమిటంటే ఆన్‌లైన్‌కు వేరే పరిమాణం పెట్టుకోవడం. కొట్టుకు 300 గ్రాములు, ఆన్‌లైన్‌కు 500 గ్రాములు. లేదా మొదటి నుంచే ఎమ్మార్పీ 399గా నిర్ణయించి, కొట్టువాడికి ఇచ్చే మార్జిన్, సైట్‌కు కట్టే ఫీజులు రెండూ అందులోంచే పోయేలా చూసుకోవడం. 399 మీద 349 అంటే ఎనిమిదో వంతు తగ్గింపు. నమ్మదగ్గ తగ్గింపు అది, దాని పైన అప్పుడప్పుడు కూపన్ ఇవ్వడానికి చోటు కూడా ఉంటుంది.

కాంబో: తగ్గింపు ఎవరి జేబులోంచి

స్థిర ఖర్చుల లెక్క అసలు ఫలితం ఇచ్చేది కాంబోల దగ్గర. 250 గ్రాముల చిన్న డబ్బాను ముందు చూద్దాం. రుచి చూడాలనుకునే కొత్త కొనుగోలుదారు అదే అడుగుతాడు, కాబట్టి పెట్టక తప్పదు. సరుకు 52, డబ్బా 11, పెట్టె 10, కలిపి 73. అర కిలో లోపు పార్శిల్ కాబట్టి షిప్పింగ్ 50, క్లోజింగ్ 25, వీటికి పన్ను కలిపితే 88 రూపాయల 50 పైసలు. నష్టాలకు 5. మొత్తం 166 రూపాయల 50 పైసలు. 199కి అమ్మితే కమిషన్ పోను వచ్చేది 175 రూపాయల 50 పైసలు. మిగిలింది తొమ్మిది రూపాయలు. ఆవకాయ, గోంగూర, టమాటా మూడూ ఇదే ఖర్చుతో విడివిడిగా అమ్మితే మూడు ఆర్డర్ల మీద 27.

ఆ మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టి 499కి అమ్ముదాం. విడిగా కొంటే 597, కాబట్టి కొనేవాడికి 98 రూపాయలు కలిసొచ్చింది. మీ వైపు చూస్తే, సరుకు 156, డబ్బాలు 33, కాస్త పెద్ద పెట్టె 20, కలిపి 209. కమిషన్ 49 రూపాయల 90 పైసలు, క్లోజింగ్ ఒక్కసారే 25, కిలో లోపు షిప్పింగ్ 70, వీటి మీద పన్ను 26, మొత్తం 171. నష్టాన్ని ఈసారి నూటికి నాలుగు కాకుండా ఆరుగా వేయాలి, ఎందుకంటే మూడింటిలో ఒక్క డబ్బా కారినా పెట్టె మొత్తం వెనక్కి వస్తుంది. అది 17. ఇవన్నీ పోగా మిగిలేది 102 రూపాయలు.

కొనేవాడికి 98 తగ్గించి కూడా మీకు 27కి బదులు 102 ఎలా వచ్చింది? ఆ తగ్గింపు మీ మార్జిన్‌లోంచి పోలేదు. రెండు క్లోజింగ్ ఫీజులు ఆదా అయ్యాయి, మూడు పార్శిళ్ల 150 రూపాయల షిప్పింగ్ ఒక పార్శిల్ 70కి దిగింది. వీటి మీద పన్ను కూడా కలుపుకుంటే 150 రూపాయలకు పైగా మిగిలింది. అందులోంచి కొంత కొనేవాడికి పంచారు. కాంబో ధర కట్టేటప్పుడు "ఎంత శాతం తగ్గిద్దాం" అని మొదలుపెట్టకూడదు. "కలిపి పంపడం వల్ల నాకెంత మిగిలింది, అందులో ఎంత ఇవ్వగలను" అని మొదలుపెట్టాలి. సగం, లేదా కాస్త ఎక్కువ ఇస్తే రెండు పక్షాలకూ బాగుంటుంది.

సొంత వెబ్‌సైట్‌లో అమ్మేవాళ్లకు ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ ఒకే మనిషి మూడు డబ్బాలు బుట్టలో వేసుకుంటే ఎలాగూ ఒకే పెట్టెలో వెళ్తాయి. కాంబో పెట్టకపోయినా ఆ ఆదా మీదే. కాబట్టి అక్కడ కాంబో తగ్గింపు చిన్నదిగా ఉండాలి, ఒకటి కొనేవాణ్ని మూడింటి దాకా తీసుకురావడానికి సరిపోయేంత.

ఇక కాంబోలో చెడిపోయేది ఎక్కువగా బరువు దగ్గర. షిప్పింగ్ స్లాబులు అర కిలో, కిలో అంటూ మెట్లుగా ఉంటాయి. ప్లాస్టిక్ డబ్బాలతో మన పెట్టె బరువు చూడండి. డబ్బాతో కలిపి ఒక్కోటి 275 గ్రాములు, మూడు 825, అట్టపెట్టె 120, బబుల్ చుట్ట 30. మొత్తం 975. కిలోకు పాతిక గ్రాములే తక్కువ. ఇంకో చుట్టు బబుల్ చుడితేనో, వానాకాలంలో అట్ట తేమ పీలిస్తేనో కిలో దాటి పై స్లాబులో పడుతుంది. గాజు సీసాలైతే ఆలోచించే పనే లేదు, సీసాకు నూట యాభై గ్రాములు వేసుకున్నా పెట్టె 1,350 గ్రాములవుతుంది. పై స్లాబు షిప్పింగ్ 105 అనుకుంటే, పన్నుతో కలిపి 41 రూపాయలు అదనంగా పోతాయి. 102లో 41. గాజు సీసా అందానికి కట్టే మూల్యం అది, ఇష్టపడి కడితే వేరు, తెలియక కట్టకూడదు. పెట్టె పరిమాణం కూడా చూసుకోవాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే బరువు అసలు బరువు కంటే ఎక్కువైతే, చాలా కొరియర్లు దానికే డబ్బు తీసుకుంటాయి. 24 × 9 × 11 పెట్టెకు అది అర కిలో లోపే, ఇబ్బంది లేదు. ఖాళీ ఎక్కువున్న పెట్టె వాడితే ఉంటుంది.

ఏ పచ్చళ్లను కలపాలన్నది రుచి విషయమే కాదు. దానికదే బాగా అమ్ముడయ్యేది ఒకటి, కొనేవాడు విడిగా కొనడానికి సందేహించేవి రెండు ఉంటే కాంబో పనిచేస్తుంది. అమ్ముడుపోని కాకరకాయ పచ్చడిని వదిలించుకోవడానికి ఆవకాయకు జత చేస్తే, రివ్యూలన్నీ కాకరకాయ గురించే వస్తాయి, అవి పడేది కాంబో లిస్టింగ్ మీద. గడువు తేదీ కూడా చూడాలి. ఆవకాయ ఏడాది నిలుస్తుంది, టమాటా పచ్చడి మీరు ఆరు నెలలకే గడువు వేస్తే పెట్టె మొత్తం ఆరు నెలలదే అవుతుంది. గోంగూర స్టాకు అయిపోయిన రోజు కాంబో లిస్టింగ్ కూడా ఆగిపోతుంది, కాబట్టి స్టాకును కాంబోకు విడిగా పక్కన పెట్టుకోవాలి.

పన్ను విషయంలో ఒక గొయ్యి ఉంది. వేర్వేరు పన్ను రేట్లున్న వస్తువులను కలిపి ఒకే ధరకు అమ్మితే, దాన్ని మిశ్రమ సరఫరాగా తీసుకుని మొత్తం ధర మీద అన్నిటికంటే ఎక్కువ రేటు వేస్తారు. పచ్చళ్ల పెట్టెలో అలంకారానికి 18 శాతం పన్నున్న వస్తువొకటి పెడితే 499 మొత్తానికీ 18 శాతం లెక్కే. పన్ను 24 రూపాయల నుంచి 76కి ఎగబాకుతుంది. ఆ వస్తువు ఖరీదు పాతిక రూపాయలే కావచ్చు.

499 దగ్గర ఆపడానికి మనస్తత్వం ఒక్కటే కారణం కాదు. మీరు అమ్మే సైట్ ఎంత పైన కొంటే ఉచిత డెలివరీ ఇస్తుందో చూసుకోవాలి. ఆ హద్దు 499 అయితే 489కి పెట్టిన కాంబోకు కొనేవాడు పైన డెలివరీ ఛార్జీ కట్టాల్సి వస్తుంది, అతని లెక్కలో మీది 529 అవుతుంది. పది తగ్గించి నలభై పెంచినట్టు. వంద గ్రాముల లెక్క కూడా సరిచూద్దాం. 499కి 750 గ్రాములంటే వందకు 66 రూపాయల 50 పైసలు, 349 డబ్బా కంటే తక్కువే. ఒకవేళ పెద్ద డబ్బాను 299కి పెట్టి ఉంటే దాని లెక్క 59 రూపాయల 80 పైసలు, అప్పుడు కాంబో ఖరీదైనదిగా కనిపించేది. పెద్ద డబ్బా రేటు తక్కువ పెట్టడం వల్ల జరిగే నష్టం ఆ డబ్బాతోనే ఆగదు.

డిస్కౌంట్ తినేది ధరను కాదు

పది శాతం తగ్గింపు అనగానే పది శాతమే పోయిందనిపిస్తుంది. 349లో పది శాతం తగ్గిస్తే 314. మిగిలేది 63 నుంచి 32కి పడిపోయింది. ధరలో పదో వంతు, లాభంలో సగం. ఇంతకు ముందు సంపాదించినంతే సంపాదించాలంటే రెట్టింపు డబ్బాలు అమ్మాలి. పదిహేను శాతం తగ్గించి 297కి అమ్మితే మిగిలేది 17, అమ్మకాలు దాదాపు నాలుగు రెట్లు కావాలి. ఇరవై శాతానికి 279, మిగిలేది ఒక రూపాయి. అక్కడ ఎన్ని అమ్మినా ఒకటే, పని మాత్రం పెరుగుతుంది.

ఏ తగ్గింపుకైనా ముందు వేయాల్సిన లెక్క ఇదొక్కటే: పాత మిగులును కొత్త మిగులుతో భాగించాలి. వచ్చిన అంకెకు అన్ని రెట్ల అమ్మకం నిజంగా వస్తుందా అని నిజాయితీగా అడగాలి. రాదంటే ఆ తగ్గింపు లాభం కోసం కాదు, వేరే దేనికో. ఆ వేరే కారణాలలో న్యాయమైనవి నాకు రెండే కనిపిస్తాయి.

మొదటిది, కొత్త లిస్టింగ్‌కు తొలి రివ్యూలు. రివ్యూ ఒక్కటీ లేని పచ్చడిని కొనడానికి మనిషి జంకుతాడు, తినే వస్తువు కదా. ఇక్కడ ఇచ్చే తగ్గింపును ప్రచార ఖర్చుగా చూసి, ముందే మొత్తం గీసుకోవాలి. మొదటి 30 ఆర్డర్లకు 35 రూపాయల కూపన్ అనుకుంటే, మీరు వదులుకునేది దాదాపు 930 రూపాయలు. ఆ 30 అయిపోగానే కూపన్ ఆగిపోవాలి. కూపన్‌గా ఇవ్వడానికీ, ధరే తగ్గించడానికీ చాలా తేడా ఉంది. లిస్టింగ్ మీద 349 అలాగే ఉండి పక్కన కూపన్ కనిపిస్తే కొనేవాడి మనసులో ఆవకాయ ధర 349గానే నిలుస్తుంది. లిస్టింగ్ మీదే 314 పెడితే అదే అసలు ధర అవుతుంది, తర్వాత 349 చేసిన రోజు రేటు పెంచినట్టు అనిపిస్తుంది. పైగా కొన్ని సైట్లు పండగ సేల్‌లో చేర్చుకునేటప్పుడు గత కొన్ని వారాల్లో మీ అతి తక్కువ ధర ఎంతో చూసి, దానికంటే తగ్గించమంటాయి. ఒక వారం 299కి అమ్మిన పాపానికి దసరా సేల్‌కు 284 అడుగుతాయి. కూపన్ వాడిన ప్రతిసారీ సైట్ విడిగా ఫీజు తీసుకుంటుందేమో కూడా ముందే చూసుకోండి. తీసుకుంటే 32లోంచి అదీ పోతుంది.

రెండోది, వయసు మీద పడుతున్న స్టాకు. ఆవకాయకు కాలం ఉంది. కాయ వేసవిలో వస్తుంది, కొత్త ఆవకాయ మే, జూన్ నెలల్లో తయారవుతుంది. పోయినేటి పచ్చడి మార్చి దాటి ఇంకా మిగిలితే ఎరుపు నల్లబడుతుంది, గడువు దగ్గర పడుతుంది. దాన్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కాంబో రూపంలో తగ్గించి వదిలించుకోవాలి. గడువు తేదీ లిస్టింగ్‌లో స్పష్టంగా రాసి మరీ. కొత్త ఆవకాయ వచ్చిన జూన్‌లో మాత్రం ఒక్క రూపాయి తగ్గించనక్కర్లేదు, అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆగస్టు ముందు విదేశాల్లో చదువుకు వెళ్లే పిల్లల పెట్టెలు సర్దేటప్పుడు, సెలవులకు వచ్చినవాళ్లు జనవరిలో తిరిగి వెళ్లేటప్పుడు కూడా అంతే. ఆ కొనుగోలుదారు చూసేది రేటు కాదు, సీల్ గట్టిగా ఉందా, విమానంలో కారదా అని. అప్పుడు డిస్కౌంట్ ఇవ్వడం కంటే, రెండు పొరల సీల్ వేసి ఆ మాట లిస్టింగ్‌లో రాయడం మేలు.

పండగ సేల్ రోజుల్లో అందరూ తగ్గిస్తున్నారని ఒంటి డబ్బా మీద తగ్గించకండి. కాంబో మీద తగ్గించండి. 499లో యాభై తగ్గించి 449కి ఇచ్చినా 58 రూపాయలు మిగులుతాయి, ఒంటి డబ్బాను పూర్తి ధరకు అమ్మితే మిగిలే 63కి దాదాపు సమానం. తగ్గింపు భరించగలిగేది స్థిర ఖర్చు పంచుకున్న పెట్టే. ఇంకొకటి, తగ్గింపూ ప్రకటనలూ ఒకే సంచిలోంచి పోతాయని మరిచిపోకూడదు. క్లిక్‌కు 5 రూపాయలు, పది క్లిక్‌లకు ఒక ఆర్డర్ వస్తుందనుకుంటే డబ్బాకు యాభై. 63లోంచి ఆ యాభై పోయాక పది శాతం కూపన్ కూడా ఇస్తే ప్రతి డబ్బాకూ ఎదురు కట్టాలి.

"ఇంకా రెండు గంటలే" అని రోజూ తిరిగే గడియారం పెట్టడం, లేని కొరతను చూపడం మన దేశంలో కొనేవాణ్ని తప్పుదారి పట్టించే ఇలాంటి కిటుకుల మీద 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల కింద నిషిద్ధం. నిజంగా ముగిసే తేదీ వేసి, ఆ తేదీకి ముగించండి.

349, 369 మధ్య తేల్చుకోవడం

ముందు రెండు వారాలు 349 ఉంచి, లిస్టింగ్‌ను ఎంతమంది చూశారు, ఎంతమంది కొన్నారు రెండూ రాసుకోవాలి. ఆర్డర్లు మాత్రమే చూస్తే పండగ వారం ఏ ధరైనా గొప్పగా కనిపిస్తుంది. తర్వాతి రెండు వారాలు 369. ఈ నాలుగు వారాల్లో ఫోటో, పేరు, ప్రకటన ఖర్చు ఏదీ మార్చకూడదు. ఆ తర్వాత చాలామంది వదిలేసే అడుగు, మళ్లీ రెండు వారాలు 349కి రావడం. కొత్త లిస్టింగ్‌కు రివ్యూలు వారం వారం పెరుగుతాయి కాబట్టి తర్వాత పెట్టిన ధర ఏదైనా మెరుగ్గానే కనిపిస్తుంది. వెనక్కి వచ్చి చూస్తేనే ఆ మెరుగు ధర వల్ల వచ్చిందో, రివ్యూల వల్ల వచ్చిందో తెలుస్తుంది.

369 నిలవాలంటే అమ్మకాలు సమానంగా ఉండనక్కర్లేదు. 80కి 63 ఎంతో చూస్తే, 349కి నూరు మంది కొనేచోట 369కి 78 మంది కొన్నా పాత లాభమే వస్తుంది. అలాగని చిన్న అంకెలను చూసి తీర్పు చెప్పకూడదు. రెండు వందల మంది చూస్తే ఒక ధరకు తొమ్మిది మంది, ఇంకో ధరకు ఆరుగురు కొన్నారంటే అది ధర ప్రభావమే కానక్కర్లేదు, ధర మారకపోయినా వారానికీ వారానికీ అంత తేడా వస్తుంది. ఒక్కో ధర దగ్గర కనీసం యాభై, అరవై ఆర్డర్లు పోగయ్యేదాకా ఆగాలి. రెండు వారాల్లో అన్ని రాకపోతే నాలుగు వారాలు ఉంచాలి.

పరీక్ష జరుగుతున్నన్నాళ్లూ సెటిల్‌మెంట్ రిపోర్టులో ప్రతి ఆర్డర్‌కూ వేసిన బరువు స్లాబు చూడండి. 670 గ్రాములుండాల్సిన డబ్బాకు కిలోన్నర స్లాబు వేసిన వరుసలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పెట్టెను తూకం మీద ఉంచి, అంకె కనిపించేలా తీసిన ఫోటో ముందే దగ్గరుంటే ఆ డబ్బు వెనక్కి అడగవచ్చు. అభ్యంతరం చెప్పడానికి సైట్లు కొద్ది రోజులే గడువిస్తాయి కాబట్టి ఈ రిపోర్టును వారానికోసారి తెరవాలి.